కస్టమర్ ఫోన్ తెరను మన ఫోన్‌తో ఫోటో తీస్తే అలలు, పట్టీలు – 12 అంకెల యూటీఆర్ నంబరు తప్పు లేకుండా చదవడం ఎలా?

శివ (నరసరావుపేట)

అందరికీ నమస్కారం. మాది ఎరువుల కొట్టు, నేను లెక్కలు చూస్తాను. రైతులు క్యూఆర్ కొట్టి డబ్బు వేస్తారు. వాళ్ల ఫోన్‌లో కనిపించే పేమెంటు పేజీని మా కుర్రాడు కొట్టు ఫోన్‌తో ఫోటో తీసి ఉంచుతాడు. రాత్రి నేను ఆ ఫోటోలు చూసి, ఒక్కో చెల్లింపుకు విడిగా ఉండే యూటీఆర్ నంబరును బిల్లు పక్కన రాసుకుంటాను.

మొత్తాన్ని బట్టి ఎవరి జమో తేల్చుకోవచ్చు కదా అంటారేమో. డీఏపీ బస్తా 1350. రెండు బస్తాలు తీసుకుంటే 2700. సీజన్లో ఒక్క రోజే 2700 జమలు పది పన్నెండు పడతాయి. పోనీ పేరు చూద్దామంటే సగం మంది కొడుకు ఫోన్ నుంచో, పక్కింటాయన ఫోన్ నుంచో వేయిస్తారు. అందుకే నంబరే ఆధారం.

జూన్ నెలలో తీసిన 212 ఫోటోల్లో 38 చదవలేకపోయాను. కొన్నిటి మీద రంగురంగుల అలలు. కొన్నిటి మీద అడ్డంగా నల్లటి పట్టీలు. కొన్నిటి మీద తెల్లటి పొడుగు గీత, అది మా ట్యూబ్‌లైటు నీడ. వీటికన్నా నన్ను ఎక్కువ భయపెట్టేది ఇంకొకటి ఉంది. చదవగలిగాననుకున్న వాటిలోనూ ఐదు తప్పు పడ్డాయి. 3 ని 8 గా, 6 ని 8 గా రాసేశాను. బ్యాంకు స్టేట్‌మెంటుతో పోల్చినప్పుడు బయటపడ్డాయి.

తీసేటప్పుడు ఏం మార్చాలి? తీసేసిన ఈ 38 నీ ఏం చేయాలి?

భాస్కరరావు

శివ గారూ, అసలు ఫోటో చూసి సరుకు ఇవ్వకండి. డబ్బు పడినట్టు చూపించే నకిలీ పేజీలు తయారు చేసి దుకాణదారులను మోసం చేస్తున్నారు. మా బావమరిది మందుల షాపులో రెండుసార్లు జరిగింది. డబ్బు పడగానే అరిచే స్పీకరు డబ్బా పెట్టించండి, ఫోటోల గొడవే ఉండదు.

శివ (నరసరావుపేట)

డబ్బా ఉందండీ. అది "2700 అందాయి" అంటుంది. డబ్బు పడిందా లేదా అన్నది నాకు తెలుస్తూనే ఉంది. ఆ 2700 ఏ రైతు ఖాతాలో రాయాలన్నదే తేలడం లేదు.

సతీష్ కరీంనగర్

అన్నా, గిదంత రిఫ్రెష్ రేటు లొల్లి. ఇప్పుడు ఫోన్లన్నీ 90, 120 హెర్ట్జ్ ఉంటున్నయ్. నీ కెమెరా వేగం దానికి కలుస్తలేదు. కెమెరాల ప్రో మోడ్ తీసి షట్టర్ 1/60 పెట్టు. అలలు, పట్టీలు రెండూ పోతయ్. నేను టీవీ ఫోటోలు గట్లనే తీస్త.

స్టూడియో రమణ

సతీష్ చెప్పిన మందు సరైనదే, కాకపోతే మూడు రోగాల్లో ఒక్కదానికే పనిచేస్తుంది. శివ గారు చెప్పిన మూడూ వేర్వేరు కారణాల వల్ల వస్తాయి. వాటిని కలిపేస్తే ఒకటి తగ్గించబోయి ఇంకొకటి పెంచుకుంటాం.

నల్ల పట్టీల సంగతి ముందు. చాలా ఓఎల్‌ఈడీ తెరలు వెలుతురు తగ్గించాల్సి వస్తే నిజంగా మసకబారవు. చాలా వేగంగా ఆరి వెలుగుతుంటాయి, కొన్ని ఫోన్లలో సెకనుకు 240 సార్లు, మరికొన్నిటిలో 480, ఇంకా ఎక్కువ కూడా. కంటికి అది మసకగా అనిపిస్తుంది. ఫోన్ కెమెరా మాత్రం బొమ్మనంతా ఒక్కసారిగా పట్టదు, పైనుంచి కిందికి వరస తర్వాత వరస చదువుతుంది. 240 సార్లు ఆరే తెరకు ఒక్కో విడత సుమారు 4.2 మిల్లీసెకన్లు. కెమెరా 1/500 షట్టరులో ఉంటే ఒక్కో వరసకు దొరికేది 2 మిల్లీసెకన్లు. కొన్ని వరసలకు వెలిగిన సమయం చిక్కుతుంది, కొన్నిటికి ఆరిన సమయం. ఆ ఆరిన వరసలే మీకు కనిపించే నల్ల పట్టీలు. 1/60 పెడితే ప్రతి వరసకూ నాలుగు విడతలు పూర్తిగా వస్తాయి కాబట్టి పట్టీ ఉండదు. సతీష్ టీవీ అనుభవం అదే.

అలల కథ వేరు. దోమతెరను రెండు మడతలు వేసి దీపం ముందు పట్టుకోండి, అలలు కనిపిస్తాయి. అక్కడ ఏదీ ఆరి వెలగడం లేదు కదా. రెండు జల్లెడలు ఒకదాని మీద ఒకటి పడితే వచ్చే రూపం అది. ఇక్కడ ఒక జల్లెడ తెర మీది చుక్కలు, రెండోది కెమెరా లోపలి చుక్కలు. షట్టరు ఎంత మార్చినా ఆ అలలు పోవు. మోయిరే అని దీన్నే అంటారు. పాత రోజుల్లో పత్రికలో అచ్చయిన బొమ్మను మళ్లీ స్కాన్ చేస్తే మా స్టూడియోలో ఇదే గొడవ వచ్చేది.

మూడోది ట్యూబ్‌లైటు. అది ఉత్త ప్రతిబింబం. దాని సంగతి తర్వాత చెబుతాను, ముందు పట్టీల మీద పరీక్ష చేసి రండి.

సతీష్ కరీంనగర్

దోమతెర ముచ్చట సమజైంది సార్. నేను టీవీకి దూరంగ నిలబడి తీస్త, అందుకే అలలు రాకపోయి ఉంటయ్ అనుకుంట.

లక్ష్మి_వి (హైదరాబాద్)

నేను కాగితాలు స్కాన్ చేసే సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తాను. ఆ దూరం గురించే చెప్పాలనుకున్నాను.

శివ గారి కేసుకు లెక్క వేసి చూశాను. మామూలు ఫోన్ తెర వెడల్పు సుమారు 68 మిల్లీమీటర్లు, అందులో అడ్డంగా 1080 చుక్కలు. 12 మెగాపిక్సెళ్ల ఫోటో తీసే మామూలు వెనుక కెమెరాను 20 సెంటీమీటర్ల దూరంలో పెడితే ఆ తెర వెడల్పు ఫోటోలో దాదాపు 1000 పిక్సెళ్లు పడుతుంది. అంటే తెర చుక్క ఒకటికి కెమెరా పిక్సెల్ ఒకటి. రెండు జల్లెడల కన్నాలూ దాదాపు ఒకే కొలత. అలలు అన్నిటికన్నా వెడల్పుగా, గట్టిగా వచ్చేది ఇక్కడే. తెర మొత్తం ఫ్రేములో కనిపించాలని ఎవరైనా సహజంగా ఫోన్ పట్టుకునే దూరం కూడా ఇంచుమించు ఇదే కావడం మన ఖర్మ.

దగ్గరికి జరిపినా దూరం జరిపినా అలలు మారతాయి. కానీ దానికన్నా తేలిక దారి ఉంది, దూరం అలాగే ఉంచి కెమెరా ఫోన్‌ను గడియారం ముల్లులా కాస్త తిప్పండి. రెండు జల్లెడల మధ్య కోణం 1 డిగ్రీ ఉంటే ఒక్కో అల 57 పిక్సెళ్ల వెడల్పు ఉంటుంది. యూటీఆర్ అంకె ఎత్తు ఈ దూరంలో 25 పిక్సెళ్ల దాకా వస్తుంది. అంటే ఒక అంకె మొత్తం అల నీడలో మునిగిపోతుంది. అదే 15 డిగ్రీలు తిప్పితే అల 4 పిక్సెళ్లకు తగ్గిపోతుంది. అంకె కన్నా అంత చిన్నదైన అలను కొద్దిపాటి మసకతో చెరిపేయవచ్చు, అంకె మిగులుతుంది. ఫోటో వంకరగా వస్తుంది, తర్వాత నిటారు చేసుకోవచ్చు.

ఇంకో మాట. అల నిజంగా ఫోటోలో ఉందా, మీరు చూసే తీరులో ఉందా అన్నది ముందు తేల్చుకోండి. 3000 పిక్సెళ్ల బొమ్మను గ్యాలరీ యాప్ కుదించి చూపిస్తుంది, ఆ కుదింపులో కొత్త అలలు పుడతాయి. నంబరు మీద రెండు వేళ్లతో బాగా పెద్దది చేసి చూడండి. అలలు మాయమైతే ఫోటో బాగానే ఉన్నట్టు. మీ కుర్రాడు వాటిని మీకు వాట్సాప్‌లో పంపుతున్నాడా?

శివ (నరసరావుపేట)

అవునండీ, కొట్టు ఫోన్ నుంచి నా ఫోన్‌కు వాట్సాప్‌లోనే వస్తాయి.

లక్ష్మి_వి (హైదరాబాద్)

అదే అడగాలనుకున్నాను. మామూలుగా పంపితే ఫోటో పొడుగు వైపు 1600 పిక్సెళ్ల చుట్టుపక్కలకు కుదించుకుపోతుంది. 25 పిక్సెళ్ల అంకె 10 కి పడిపోతుంది. అప్పుడు 3 కీ 8 కీ తేడా ఒకటి రెండు పిక్సెళ్లు మాత్రమే. కొట్టు ఫోన్‌లో అసలు ఫోటోలు ఇంకా ఉంటే అవి తీసుకోండి. పంపేటప్పుడు డాక్యుమెంటుగా పంపితే కుదించదు.

శివ (నరసరావుపేట)

రెండు రోజులు పరీక్ష చేశాం. చెప్పడానికి చాలా ఉంది.

ముందు అసలు ఫోటోలు. కొట్టు ఫోన్‌లో 38 కి 35 ఇంకా ఉన్నాయి. వాటిని పెద్దది చేసి చూస్తే 14 వెంటనే చదవగలిగాను. నేను రెండు నెలలుగా కష్టపడింది వాట్సాప్ కుదించిన వాటితో అన్నమాట.

తిప్పి తీయడం బాగా పనిచేసింది. కుర్రాడికి "ఫోన్ కొంచెం పక్కకు వంచి తియ్యరా" అంటే అర్థమైపోయింది.

షట్టరు 1/60 దగ్గర మాత్రం ఇబ్బంది వచ్చింది. పట్టీలు పోయాయి గానీ తెర తెల్లగా వెలిసిపోయి అంకెలు సన్నగా, కొన్నిచోట్ల తెగిపోయినట్టు వచ్చాయి. ఐఎస్‌ఓ 50 కన్నా తగ్గడం లేదు. 8 లో ఎడమవైపు తెగితే 3 అయిపోతోంది.

స్టూడియో రమణ

మంచి పరీక్ష చేశారు. రైతు ఫోన్ వెలుతురు పూర్తిగా పెంచి ఉండి ఉంటుంది. ఎండలో నుంచి వచ్చిన మనిషి ఫోన్ అలాగే ఉంటుంది. అంత వెలుతురుకు 1/60 ఎక్కువ. 1/120 పెట్టండి. 240 సార్లు ఆరే తెరకు అందులోనూ రెండు విడతలు పూర్తిగా వస్తాయి, వెలుతురు సగానికి తగ్గుతుంది. 1/100 వద్దు, అందులో 2.4 విడతలు పడి లేత పట్టీలు వస్తాయి. ట్యూబ్‌లైటు కోసం 1/50, 1/100 వాడమని చెప్పేది కాగితం ఫోటోలకు. తెర తన వెలుతురు తానే ఇస్తుంది, ఇక్కడ దాని లెక్కే చూడాలి.

తెర వెలుతురు బాగా తగ్గించి ఉంటే మాత్రం ముందు పెంచమని అడగండి. చాలా ఫోన్లలో వెలుతురు పెరిగేకొద్దీ ఆరి ఉండే సమయం తగ్గిపోతుంది, పట్టీలు కూడా పలచబడతాయి.

ఇక ట్యూబ్‌లైటు. కౌంటరు మీద ఫోన్ పడుకోబెట్టి పైనుంచి తీస్తున్నారు కదా? పైకప్పులో ఉన్నదంతా ఆ గాజులో కనిపిస్తుంది. ఫోన్‌ను నిలబెట్టి, తీసే మనిషి వెనక ముదురు రంగు గోడో బట్టో ఉండేలా చూడండి. మీ దగ్గర ఖాళీ బస్తాలు ఉంటాయిగా, ముదురు పట్టా ఒకటి కుర్రాడి వీపు వెనక వేలాడదీసినా చాలు. తెరకు ఎదురుగా చీకటి ఉంటే గాజులో పడేది చీకటే.

సతీష్ కరీంనగర్

సార్, పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలు కెమెరా ముంగట పెడితే మెరుపు పోతదని మా దోస్త్ అన్నడు. నిజమేనా?

స్టూడియో రమణ

సగం నిజం. గాజు మీద మెరుపును ఆ అద్దం బాగా ఆపేది ఏటవాలుగా చూసినప్పుడు, నిటారు నుంచి సుమారు 56 డిగ్రీల దగ్గర. నేరుగా ఎదురుగా తీస్తే ఆపదు. పైగా తెర నుంచి వచ్చే వెలుతురు కూడా చాలా ఫోన్లలో ఒకే దిశలో పోలరైజ్ అయి ఉంటుంది. కళ్లద్దం ఒక కోణంలో తిరిగితే తెర మొత్తం నల్లబడుతుంది. చేతిలో పట్టుకుని తిప్పి చూడండి, తెలుస్తుంది. కొట్టులో ఇన్ని కోణాలు కుదర్చడం కష్టం, పట్టా నయం.

పద్మ (విశాఖ)

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి, నా అవసరం కూడా ఇలాంటిదే. నా ఫోన్ తెర మీద నిలువుగా పచ్చ గీతలు వచ్చేశాయి, టచ్ సగం పనిచేయదు. రిపేరుకు ఇచ్చే ముందు ఐఎంఈఐ రాసి పెట్టుకోమన్నారు. ఎలాగో *#06# కొట్టి మా అమ్మాయి ఫోన్‌తో ఫోటో తీశాను. ఈ గీతలు కూడా షట్టరు మారిస్తే పోతాయా? పెట్టె, బిల్లు రెండూ పోయాయి. నంబరులో రెండు చోట్ల 3 నో 8 నో తెలియడం లేదు.

లక్ష్మి_వి (హైదరాబాద్)

పద్మ గారూ, కంటికి కూడా ఆ పచ్చ గీత కనిపిస్తోందంటే అది తెర పాడవడం, కెమెరాతో సంబంధం లేదు. ఏ షట్టరుకూ పోదు. గీత కింద ఉన్న అంకె ఆ ఫోన్‌లోంచి ఇక కనిపించదు. ఫోన్‌ను అడ్డంగా తిప్పినప్పుడు పేజీ కూడా తిరిగితే అంకెలు వేరే చోటికి జరుగుతాయి, గీత మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఒకసారి ప్రయత్నించండి.

ఐఎంఈఐతో ఒక సదుపాయం ఉంది. దాని 15 వ అంకె మిగతా 14 నుంచి లెక్కగట్టి పెట్టింది. ఎడమ నుంచి రెండో అంకె, నాలుగో అంకె, ఇలా సరిసంఖ్య చోట్ల ఉన్నవాటిని రెట్టింపు చేయండి. రెట్టింపు రెండంకెలైతే ఆ రెండూ కూడి ఒక్కటి చేయండి. మిగతావి ఉన్నవి ఉన్నట్టు. అన్నీ కూడితే చివర సున్నా రావాలి.

ఉదాహరణగా తరచూ చూపించే నంబరు 490154203237518. రెట్టింపు చేసేవి 9, 1, 4, 0, 2, 7, 1. అవి 9, 2, 8, 0, 4, 5, 2 అవుతాయి, మొత్తం 30. మిగిలినవి 4, 0, 5, 2, 3, 3, 5, 8, మొత్తం 30. కలిపితే 60, సరిపోయింది. ఇందులో ఒక 3 ని 8 గా చదివారనుకోండి, 65 వస్తుంది, తప్పు దొరికిపోతుంది.

పద్మ (విశాఖ)

చేసి చూశానండీ. రెండూ 3 అనుకుంటే సున్నా వచ్చింది. హమ్మయ్య, 3 లే అన్నమాట. చాలా థాంక్స్ అమ్మా.

లక్ష్మి_వి (హైదరాబాద్)

ఆగండి పద్మ గారూ, రెండూ 8 అనుకుని కూడా ఒకసారి వేయండి. పై ఉదాహరణలోనే చూడండి, రెండు 3 లూ రెట్టింపు కాని చోట్ల ఉన్నాయి. రెండింటినీ 8 చేస్తే 5 చొప్పున 10 పెరిగి 70 అవుతుంది, అదీ సున్నాతోనే ముగుస్తుంది. ఒక్క అంకె తప్పితే ఈ లెక్క తప్పకుండా పట్టుకుంటుంది. రెండు తప్పితే పట్టుకుంటుందని నమ్మకం లేదు. తెర ఫోటోల్లో ఒకే అంకె ఒకే రకంగా చెడుతుంది కాబట్టి ఇలాంటి జంట తప్పులు అరుదేమీ కావు.

పద్మ (విశాఖ)

మీరన్నట్టే అయింది. రెండూ 8 వేసినా సున్నానే వస్తోంది. ఫోన్ అడ్డంగా తిప్పి మళ్లీ తీస్తాను.

శివ (నరసరావుపేట)

లక్ష్మి గారూ, యూటీఆర్‌కు కూడా అలాంటి లెక్క ఉందా?

లక్ష్మి_వి (హైదరాబాద్)

ఆ రకం అంకె లేదండీ. యూపీఐ 12 అంకెల నంబరులో తప్పు పట్టే చివరి అంకె అంటూ ఏదీ లేదు. కానీ మొదటి నాలుగు అంకెలు గమనించారా? మొదటిది సంవత్సరం చివరి అంకె, తర్వాతి మూడు ఆ ఏడాదిలో ఎన్నో రోజో. 2025 జూన్ 14 ఏడాదిలో 165 వ రోజు, కాబట్టి ఆ రోజు నంబరు 5165 తో మొదలవుతుంది. ఫోటోలో 5185 లా కనిపిస్తే అది జూలై 4 అవుతుంది. ఫోటో జూన్ 14 దైతే అది 8 కాదు, 6.

భాస్కరరావు

ఇది నియమమా, మీరు గమనించిందా అమ్మా? బ్యాంకులో పనిచేసినవాణ్ణి కాబట్టి అడుగుతున్నాను. ఐఎంపీఎస్ నంబర్లు మేము అలాగే చూసేవాళ్లం. కానీ అర్ధరాత్రి దగ్గర పడిన వాటిలో ఒక రోజు తేడా చూసిన గుర్తు.

లక్ష్మి_వి (హైదరాబాద్)

నేను చూసినవన్నీ అలాగే ఉన్నాయండీ, అంతవరకే చెప్పగలను. మీరన్న అర్ధరాత్రి మాట నిజమే కావచ్చు. అందుకే ఆ నాలుగు అంకెలతో సందేహం తీర్చుకోవచ్చు గానీ, దాన్ని బట్టి కనిపించని అంకె రాసేయకూడదు.

శివ (నరసరావుపేట)

నా పుస్తకంలో ఇరవై చూశాను, అన్నీ అలాగే ఉన్నాయి. ఇన్నేళ్లు రాస్తూ ఒక్కసారీ గమనించలేదు.

ఇప్పుడు పాత ఫోటోలు 21 మిగిలాయి. మా తమ్ముడు ఇంజనీరింగ్, కంప్యూటర్ ఉంది, పైథాన్ వచ్చు. ఏం చేయమంటారు?

లక్ష్మి_వి (హైదరాబాద్)

నంబరు ఉన్న ముక్క మాత్రమే కత్తిరించి, నిటారుగా తిప్పి, `utr.jpg` అని పెట్టుకోమనండి.

```python
import cv2
g = cv2.imread("utr.jpg")[:, :, 1]
g = cv2.GaussianBlur(g, (0, 0), 1.5)
bg = cv2.medianBlur(g, 101)
d = cv2.divide(g, bg, scale=255)
cv2.imwrite("out.png", d)
```

రెండో వరసలో పచ్చ రంగు పొర ఒక్కటే తీసుకుంటున్నాం. రంగు అలలు ఎరుపు, నీలం పొరల్లో ఎక్కువగా ఉంటాయి, కెమెరాలో పచ్చ చుక్కలు రెట్టింపు ఉంటాయి కాబట్టి అందులో అంకె స్పష్టంగా ఉంటుంది. తర్వాత సన్నటి అలలు పోయేంత మసక. ఆ తర్వాత చుట్టుపక్కల వెలుతురు ఎంత ఉందో అంచనా కట్టి దానితో భాగిస్తున్నాం, దాంతో వెడల్పు పట్టీలు చదునవుతాయి. తెల్ల పేజీ మీద నల్ల అంకెలకు ఇది సరిపోతుంది. పచ్చ పట్టీ మీద తెల్ల అంకెలుంటే పచ్చ పొరలో రెండూ కలిసిపోతాయి. అప్పుడు `1` బదులు `2` పెట్టి ఎరుపు పొర తీసుకోవాలి. ఆ ఎరుపు పొరకైనా, నల్ల పేజీ మీద తెల్ల అంకెలకైనా మసక చేసే ముందు `g = 255 - g` చేసి తిరగేయాలి.

బొమ్మలోని అక్షరాలు చదివే టెసరాక్ట్ ప్రోగ్రాంతో చదివించాలంటే:

```
tesseract out.png - --psm 7
```

అంకెలే రావాలని ఇక్కడ బలవంతం చేసే వీలుంది, కానీ నేను చేయను. బలవంతం చేస్తే అర్థం కాని మచ్చకు కూడా ఏదో ఒక అంకె అంటగడుతుంది. అలా చేయకపోతే మచ్చ దగ్గర B అనో S అనో వస్తుంది. అక్కడ సందేహం ఉందని మనకు తెలుస్తుంది.

ట్యూబ్‌లైటు గీత పూర్తిగా తెల్లబడిన చోట మాత్రం దేనికీ ఆశ పెట్టుకోవద్దు. పిక్సెళ్లన్నీ 255 అయిపోతే కింద అంకె ఉన్న జాడ ఫైల్లోనే లేదు.

స్టూడియో రమణ

దానికి కొత్తగా తీసేటప్పుడు చేసుకోవలసిన పని ఒకటి ఉంది. ఒకే పేజీని రెండు మూడు ఫోటోలు తీయండి, ప్రతిసారీ చేయి కొంచెం పక్కకు జరుపుతూ. మెరుపు జరుగుతుంది, అంకె జరగదు. ఒక ఫోటోలో మెరుపు కింద పడిన అంకె ఇంకో ఫోటోలో బయటికి వస్తుంది. యంత్రం అవసరం లేదు, రెండూ పక్కపక్కన పెట్టి కంటితో చదువుకోవచ్చు.

లక్ష్మి_వి (హైదరాబాద్)

యంత్రంతోనూ చేయవచ్చు. మెరుపు ఎప్పుడూ వెలుతురు కలుపుతుంది, తీసేయదు. అందుకని ఫోటోలను ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చి, ప్రతి చోటా తక్కువ వెలుతురు ఉన్నదాన్ని తీసుకుంటే మెరుపు పోతుంది. కానీ నల్ల పట్టీలు కూడా ఉన్న ఫోటోలకు ఇది చేయకండి, పట్టీలన్నీ పోగవుతాయి. రెండూ ఉంటే ఐదు ఫోటోలు తీసి ప్రతి చోటా మధ్య విలువ తీసుకోవడం మేలు.

సతీష్ కరీంనగర్

ఇంత కష్టమెందుకు అక్కా, ఫోన్ల ఫోటోని క్లియర్ చేసే యాప్‌లు మస్తున్నయ్. మసక ఫోటో పెడితే అద్దంలెక్క చేసిస్తయ్. శివన్న, ఒకటి పంపు, చేసి చూపిస్త.

లక్ష్మి_వి (హైదరాబాద్)

సతీష్, దయచేసి అంకెలకు అది వాడొద్దు. అవి లేని వివరాన్ని ఊహించి గీస్తాయి. 3 నో 8 నో తెలియని మచ్చను తీసుకుని నున్నటి 8 గీసి ఇస్తాయి. మసకగా ఉన్నప్పుడు మనం అనుమానిస్తాం, నున్నగా ఉంటే అనుమానించం.

ఇలాంటిది కాపీ యంత్రాల్లో కూడా జరిగింది. 2013 లో డేవిడ్ క్రీసెల్ అనే జర్మన్ కంప్యూటర్ శాస్త్రవేత్త, జిరాక్స్ వర్క్‌సెంటర్ యంత్రాలు స్కాన్ చేసిన కాగితాల్లో అంకెలను మార్చేస్తున్నాయని బయటపెట్టాడు. 6 ఉన్నచోట 8 వచ్చేది. ఫైలు చిన్నది చేయడానికి ఒకేలా కనిపించే ముక్కలను ఒకే బొమ్మతో నింపేవి. పేజీ చూడడానికి శుభ్రంగా ఉండేది, అంకె మాత్రం వేరేది.

సతీష్ కరీంనగర్

సరే అక్కా, ఆలోచించలే గట్ల.

ఉష (తెనాలి)

నాన్న గారి ఫోన్‌లో ఆయన తెలుగులో రాసుకున్న నోట్స్ ఉన్నాయి. ఛార్జింగు పోర్టు పోయింది, ఉన్న కాస్త బ్యాటరీతో తెరిచి 60 పేజీలు ఫోటోలు తీశాను. అంకెల సంగతి సరే, తెలుగుకు కూడా ఈ పద్ధతి పనికొస్తుందా? ద, ధ తేడా, ప, ఫ తేడా అస్సలు తెలియడం లేదు.

లక్ష్మి_వి (హైదరాబాద్)

వస్తుంది, కానీ మసక 1.5 కాకుండా 0.8 దగ్గర మొదలుపెట్టండి. ద కింద ఒక చిన్న గీత పడితే ధ అవుతుంది, ప కింద పడితే ఫ అవుతుంది. ఆ గీత మందం మూడు నాలుగు పిక్సెళ్లే, అంటే మనం చెరపాలనుకునే అల అంతే. ఎక్కువ మసక చేస్తే అలతోపాటు గీతా పోతుంది. టెసరాక్ట్‌కు తెలుగు భాష ఫైలు ఎక్కించి, `--psm 7` తీసేసి `-l tel` పెడితే తెలుగు చదువుతుంది, ఒత్తుల దగ్గర మాత్రం మీరే సరిచూసుకోవాలి. వాక్యం ఉంది కాబట్టి ఏ అక్షరమో మీకు తెలుస్తుంది. శివ గారికి ఆ వీలు లేదు, అంకెకు వాక్యం ఉండదు. బ్యాటరీ ఇంకా ఉంటే అవే పేజీలు ఫోన్ కొద్దిగా తిప్పి ఇంకోసారి తీయండి.

ఉష (తెనాలి)

4 శాతం ఉంది. ఇప్పుడే తీస్తున్నాను.

శివ (నరసరావుపేట)

వారం తర్వాత వస్తున్నాను. మిగిలిన 21 లో తమ్ముడు ఆ ప్రోగ్రాం నడిపితే 11 స్పష్టంగా వచ్చాయి. మిగతావాటిలో చాలావాటికి ఒకటి రెండు అంకెలు సందేహం. ఒకటి ఎలా తేల్చానో చెబుతాను, సరైన పద్ధతో కాదో చూడండి. నంబరు మార్చి రాస్తున్నాను.

ఫోటోలో కనిపించింది 5165 38?0 4?17. మొదటి ప్రశ్న దగ్గర 3 గానీ 8 గానీ, రెండో దగ్గర 6 గానీ 8 గానీ. అంటే నాలుగు నంబర్లు కుదురుతాయి. బ్యాంకు స్టేట్‌మెంటులో జూన్ 14 న పడిన 2700 జమలు తొమ్మిది. వాటి నంబర్లలో ఈ నాలుగింటిలో ఏది ఉందో వెతికాను. 516538304817 ఒక్కటే ఉంది. మిగతా మూడూ స్టేట్‌మెంటులో ఎక్కడా లేవు. దాన్ని పెన్సిలుతో రాసి పక్కన సందేహం గుర్తు పెట్టాను.

ఇలా ఏడు తేలాయి. చివరి మూడింట్లో ట్యూబ్‌లైటు గీత నాలుగైదు అంకెలను మింగేసింది. ఒకదానికి ఒకే రోజు రెండు జమలు సరిపోతున్నాయి. అవి రాయలేదు. రైతులకు ఫోన్ చేసి పేమెంటు చరిత్రలో నంబరు చూడమని అడుగుతున్నాను. ఇద్దరు ఎత్తారు.

స్టూడియో రమణ

పద్ధతి బాగుంది. ముందు స్టేట్‌మెంటు చూసి తర్వాత ఫోటో చూడకండి, అంతే. ఏ నంబరు కావాలో తెలిశాక కన్ను మచ్చలో దాన్నే చూస్తుంది. మీరు ముందు ఫోటో చదివి, సందేహాలు రాసుకుని, తర్వాత వెతికారు. అదే వరస ఉంచండి.

భాస్కరరావు

శివ గారూ, ఒకటి అడగనా. కొన్ని యాప్‌లలో పైన పెద్దగా T తో మొదలయ్యే పొడవైన నంబరు ఉంటుంది, అది ఆ యాప్ సొంత నంబరు. యూటీఆర్ దాని కింద చిన్నగా ఉంటుంది. చివరి మూడింట్లో కుర్రాడు ఏది తీశాడో చూశారా?

శివ (నరసరావుపేట)

ఇప్పుడే చూశాను. ఒకదాంట్లో ఫోటో T నంబరు దగ్గరే ఆగిపోయింది, కింద వరస ఫ్రేములోకే రాలేదు. ఇన్నాళ్లూ మెరుపే కారణం అనుకున్నాను. ఆ రైతును రేపు సంతలో కలుస్తాను.

ఇంకొక్క సందేహం. నల్ల పేజీ పెట్టుకున్న ఫోన్లలో తిప్పి తీసినా అంకెల చుట్టూ రంగు అంచులు వస్తున్నాయి, 1/120 లో అంకెలు ఉబ్బి 6 మధ్య ఖాళీ పూడిపోతోంది. 1/240 పెడితే ఉబ్బు తగ్గింది, ఒక ఫోన్‌లో పట్టీలు రాలేదు, ఇంకో ఫోన్‌లో వచ్చాయి. ఏది ఎంచుకోవాలి?

స్టూడియో రమణ

పట్టీలు రాని ఫోన్ 240 కో 480 కో ఆరేది అయి ఉండాలి. వచ్చినది ఇంకేదో లెక్కలో ఆరుతుంది. ఏ ఫోన్ వస్తుందో మీకు ముందే తెలియదు కాబట్టి, నల్ల పేజీ కనిపిస్తే 1/120 లో ఒకటి, 1/240 లో ఒకటి తీయించండి. రంగు అంచుల సంగతి నాకు అంతుబట్టలేదు. నా దగ్గర రెండు ఫోన్లున్నాయి, రేపు పగటి వెలుతురులో పెట్టి చూసి చెబుతాను.